కెమెరా ఆఫ్‌లో పరిచయం: ఆగి చెప్పాలా, గబగబా ముగించాలా?

హరిత అడిగిన ప్రశ్న: "రేపు కొత్త టీమ్‌తో ఆన్‌లైన్ మీటింగ్ ఉంది. కెమెరాలు ఎవరూ ఆన్ చెయ్యరు. ఇంతకుముందు ఒక మీటింగ్‌లో నా గురించి చెప్పడం అయ్యాక కూడా 'ఇప్పుడు మాట్లాడిందెవరు?' అని అడిగారు. నేను గట్టిగానే చెప్పాను. ఎలా చెబితే గుర్తుంటుంది?"

ఈ ప్రశ్న మీద ఇద్దరు వాదించుకున్నారు. మురళి ప్రాజెక్ట్ మేనేజర్, రోజంతా మీటింగులు నడుపుతారు. శారద ఫోన్‌లో మాట్లాడటమే పనిగా ఉన్న ఉద్యోగులకు శిక్షణ ఇస్తారు. హరిత కూడా మధ్య మధ్యలో కల్పించుకుంది.

మురళి: నా సలహా ఒక్కటే. పేరు, చేసే పని చెప్పి పది సెకన్లలో ముగించెయ్యాలి. ముఖం కనబడనప్పుడు ఆగి ఆగి మాట్లాడితే ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నాను. కాస్త నిశ్శబ్దం రాగానే ఎవరో ఒకరు "వినిపిస్తోందా? మ్యూట్‌లో ఉన్నారేమో చూడండి" అంటారు. చెప్పేవాళ్లు కంగారుపడి మళ్లీ మొదటికొస్తారు. అందుకే ఎక్కడా ఆగకుండా చెప్పెయ్యమంటాను.

శారద: నిశ్శబ్దం గురించి మీరన్నది నిజమే మురళి గారూ. ఎదురుగా ఉంటే మనిషి ఆలోచిస్తున్నాడని తెలుస్తుంది, ఇక్కడ లైన్ తెగిందేమో అనిపిస్తుంది. పైగా చుట్టుపక్కల చప్పుడంతా యాప్ తీసేస్తుంది కాబట్టి ఆ నిశ్శబ్దం మరీ శూన్యంగా ఉంటుంది. కానీ దానికి మందు గబగబా చెప్పడం కాదు. హరిత గారూ, మీ పేరు ఎన్నో మాటగా చెప్పారు?

హరిత: మొదటి మాటే మేడమ్. అన్‌మ్యూట్ నొక్కి వెంటనే "హరిత" అన్నాను.

శారద: పేరు అక్కడే పోయి ఉంటుంది. బటన్ నొక్కిన క్షణానికీ మీ గొంతు అవతలికి వెళ్లడం మొదలయ్యే క్షణానికీ మధ్య చిన్న ఖాళీ ఉండొచ్చు. దానికి తోడు, వస్తున్నది మాటా, చప్పుడా అని తేల్చుకోవడానికి యాప్‌కి కాస్త సమయం పడుతుంది. ఆ లోపల పలికిన అక్షరం తెగిపోవచ్చు. మీ పేరు మొదట్లో ఉన్న "హ" దాదాపు ఊపిరే, అందులో బలం తక్కువ. అది పోతే మిగిలేది "రిత".

హరిత: అయ్యో, అవునండీ! ఆ తర్వాత ఒకాయన నన్ను "సరిత గారూ" అని పిలిచారు. ఆయనకి సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను.

శారద: ఆయనకి వినబడింది అంతేనమ్మా. అందుకే మొదటి మాట పోయినా నష్టం లేనిది కావాలి. "అందరికీ నమస్కారం" అనండి. అందులో "అం" పోయినా ఎవరికైనా అర్థమవుతుంది. ఈలోగా దారి తెరుచుకుంటుంది. పేరు ఆ తర్వాత చెప్పండి.

మురళి: దీనికింత లెక్క ఎందుకండీ? పేరు స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుందిగా. ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు చుట్టూ వెలుగు కూడా వస్తుంది.

శారద: స్క్రీన్ చూస్తున్నవాళ్లకి వస్తుంది. కెమెరా ఆఫ్‌లో ఉంటే చాలామంది పక్క విండోలో మెయిల్ చూసుకుంటూ వింటారు. ఎవరైనా స్లైడ్లు షేర్ చేస్తే పేర్లు మూలకి పోతాయి. మామూలు ఫోన్‌తో డయల్ చేసి చేరినవాళ్లకి పేర్ల పట్టీయే ఉండదు. మీ మీటింగుల్లో వెలుగు చూసి మనిషిని పోల్చుకునేవాళ్లు ఎంతమందో ఒకసారి గమనించండి.

మురళి: సరే, పేరు విషయం ఒప్పుకుంటాను. వేగం విషయం ఒప్పుకోను. నెట్‌లో మాట ఆలస్యంగా వెళ్తుందంటారు కదా, అలాంటప్పుడు ఇంకా తొందరగా ముగించడమే మంచిది.

శారద: ఆలస్యం వల్ల వచ్చే చిక్కు వేరు. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య సెకనులో ఐదో వంతు, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు ఉంటుంది. పది భాషల సంభాషణలు పోల్చి 2009లో వచ్చిన అధ్యయనంలో తేలిన సగటు ఇది. నెట్‌లో గొంతు ఒకవైపు వెళ్లడానికే 150 మిల్లీసెకన్ల లోపు పడితే మేలని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. మీ మాట వెళ్లి అవతలి మాట తిరిగి రావాలంటే దానికి రెట్టింపు. అంటే కాల్ బాగున్నప్పుడు కూడా మనకు అలవాటైన ఆ చిన్న విరామం సరిపోకపోవచ్చు. మీరు ఆగారని అవతలివాళ్లు అందుకుంటారు, ఆ సంగతి మీకు చేరేలోపు మీరు మళ్లీ మొదలుపెడతారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి "చెప్పండి, చెప్పండి" అంటారు.

మురళి: నేను చెప్పిందీ అదే కదా! ఆగితేనే దూరతారు.

శారద: ఎలా ఆగారన్న దాన్ని బట్టి ఉంటుంది. "నా పేరు హరిత" అని గొంతు కిందికి దించి ఆగితే అయిపోయిందనుకుంటారు. అదే మాట చివర గొంతు కాస్త పైనే నిలిపి ఆగితే, ఇంకా ఉందని చెవికి తెలిసిపోతుంది. ఊపిరి తీసుకున్నంత సేపు, ఒక సెకనుకి మించకుండా ఆగితే చాలు. ఆ ఆగడం కూడా పేరు తర్వాత ఒక్కచోటే. వినేవాళ్లు పేరు పట్టుకోవాల్సింది అక్కడే. తక్కినదంతా మామూలుగా సాగిపోవచ్చు.

హరిత: అయితే గొంతు కాస్త లావుగా, గంభీరంగా పెట్టి మాట్లాడాలా మేడమ్?

శారద: వద్దమ్మా. గొంతు మార్చమనడం లేదు. మార్చితే రెండో వాక్యానికే అలసిపోతారు. అరవడం కూడా వద్దు, మీరు అరిస్తే యాప్ తనంతట తానే సౌండ్ తగ్గించవచ్చు. ఇంతకీ మీరు ఏ మైక్ వాడుతున్నారు?

హరిత: బ్లూటూత్ ఇయర్‌బడ్స్. పాటలు చాలా బాగా వినిపిస్తాయి.

శారద: పాటలకి బాగుంటాయి. కానీ మైక్ కూడా పనిచేయాల్సి వచ్చేసరికి చాలా ఇయర్‌బడ్స్ ఫోన్ కాల్ పద్ధతికి మారతాయి, అప్పుడు గొంతులో పైస్థాయి శబ్దాలు తగ్గిపోతాయి. స, ష, ఫ లాంటివి ఒకదానిలో ఒకటి కలిసిపోయేది అందుకే. వైరున్న హెడ్‌సెట్ ఉంటే అది పెట్టుకోండి, మైక్ నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి ఉంచండి.

మురళి: పరికరాల సంగతి సరే. అసలు ఏం చెప్పాలో చూద్దాం. హరితా, పోయినసారి ఏం చెప్పారో గుర్తుందా?

హరిత: గుర్తుంది సార్. "హరిత అండీ, నేను డిగ్రీ అయ్యాక టెస్టింగ్ నేర్చుకుని, ఒక చిన్న కంపెనీలో చేరి, అక్కడ రెండేళ్లు పేమెంట్స్ యాప్ మీద పనిచేసి, తర్వాత కొన్నాళ్లు ఖాళీగా ఉండి, ఇప్పుడు ఈ టీమ్‌లోకి వచ్చాను, అంతే, ఇంకేం లేదు, థాంక్యూ."

మురళి: ఇందులో ఆమె ఎక్కడా ఆగలేదు, గమనించారా? నా పద్ధతే. మరి ఎందుకు గుర్తులేదంటారు?

శారద: మంచి ప్రశ్న. నేర్చుకుని, చేరి, పనిచేసి, ఉండి అంటూ తెలుగులో ఎంత దూరమైనా లాగొచ్చు, అసలు క్రియ మాత్రం చివరికి గానీ రాదు. అప్పటిదాకా వినేవాళ్లు అన్నీ చేతిలో పట్టుకుని నిలబడాలి. తీరా ఆ క్రియ వచ్చేసరికి మాట్లాడేవాళ్ల ఊపిరి అయిపోయి గొంతు కిందికి జారుతుంది. "పనిచేస్తున్నాను" అన్నారో "పనిచేశాను" అన్నారో తెలిసేది ఆ చివరి అక్షరాల్లోనే. సన్నబడిన ఆ తోకని యాప్ ఒక్కోసారి చప్పుడు కింద జమకట్టి తీసేస్తుంది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పూరించుకుంటాం. గోలలో మాట వినేటప్పుడు మాట్లాడేవాళ్ల ముఖం చూస్తే ఎంత మెరుగ్గా అర్థమవుతుందో 1954లోనే ప్రయోగం చేసి చూపించారు. కెమెరా ఆఫ్ చేశాక ఆ ఆసరా ఉండదు. అందుకే చిన్న వాక్యాలు పెట్టుకుని, ప్రతి వాక్యం చివరి క్రియకీ మొదటి మాటకి ఇచ్చినంత బలం ఇవ్వాలి.

మురళి: ఇది నాకు కొత్త. మీటింగ్ నోట్స్ రాసేటప్పుడు "చేశామన్నారా, చేస్తామన్నారా" అని మళ్లీ అడగాల్సి వస్తూనే ఉంటుంది. సరే, హరిత పరిచయం మీరు తిరగరాయండి.

శారద: "అందరికీ నమస్కారం. నా పేరు హరిత." ఇక్కడ గొంతు పైన ఉంచి ఊపిరి తీసుకోండి. "ఈ టీమ్‌లో టెస్టింగ్ చూస్తాను. ఇంతకుముందు రెండేళ్లు పేమెంట్స్ యాప్ మీద పనిచేశాను. కొత్త బిల్డ్ బయటికి వెళ్లే ముందు నా దగ్గరికి వస్తుంది. బగ్ కనిపిస్తే నాకు చెప్పండి. టెస్టింగ్‌కి హరిత." చివరి మాట దగ్గర గొంతు పూర్తిగా దించండి. తొందరపడకుండా చదివినా ఇరవై సెకన్ల చుట్టుపక్కల అవుతుంది.

మురళి: డిగ్రీ, ఖాళీగా ఉన్న నెలలు తీసేశారు, బాగుంది. కానీ పేరు రెండుసార్లు ఎందుకు? ఇరవై మంది ఉన్న మీటింగ్‌లో అందరూ ఇలా చెబితే ఏడు నిమిషాలు పరిచయాలకే పోతాయి.

శారద: మొదటిసారి చెప్పినప్పుడు వినేవాళ్లకి మీ గొంతే కొత్త, దానికి అలవాటుపడే పనిలో ఉంటారు. అప్పుడే మెయిల్ నుంచి ఇటు తిరిగినవాళ్లు పేరు విననే లేదు. చివర్లో పేరు, పని కలిపి చెబితే ఈ గొంతు ఎవరిదో అప్పుడు అతుక్కుంటుంది.

మురళి: ఎనిమిది మందిలో అయితే సరే. ఇరవై మందిలో పన్నెండో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ వినరు శారద గారూ, పేరు రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చెప్పినా. అంతమంది ఉంటే ఒక్కసారి పలికి, పేరూ పనీ చాట్‌లో రాసిపెట్టడం మేలు. ఇందులో నేను తగ్గను.

శారద: అంత పెద్ద మీటింగ్‌లో అసలు ఒక్కొక్కరి చేత పరిచయాలు చెప్పించకూడదంటాను. అది నడిపేవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి.

హరిత: మేం తొమ్మిది మందిమి. ఇదంతా కాగితం మీద రాసుకుని చదవొచ్చా?

మురళి: చదవకండి. చదువుతున్నారని రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది, గొంతు ఒకే మట్టంలో పోతుంది.

శారద: ఎవరికీ కనబడరు కాబట్టి కాగితం ఎదురుగా ఉంటే తప్పులేదని నేనంటాను. వాక్యాలు కాకుండా నాలుగు మాటలు రాసుకోండి: పేరు, టెస్టింగ్, పేమెంట్స్, బగ్. రాత్రి ఫోన్‌లో ఒకసారి రికార్డ్ చేసి, వంట చేస్తూనో బట్టలు మడతపెడుతూనో వినండి. చేతిలో వేరే పని ఉండగా ప్రతి వాక్యం చివరి మాట మీకే వినబడకపోతే, అక్కడ ఊపిరి చాలలేదన్నమాట. ఆ వాక్యాన్ని రెండుగా విరవండి.

హరిత: ఇంకొక్కటి. పోయినసారి నాది అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఆ ఖాళీకి భయపడే "అంతే, ఇంకేం లేదు" అన్నాను.

మురళి: అది నడిపేవాళ్ల తప్పు, మీది కాదు. నేనైతే తర్వాతి మనిషిని వెంటనే పిలుస్తాను.

శారద: పిలవనివాళ్లూ ఉంటారు కదా. మీ తర్వాత ఎవరో తెలిస్తే వాళ్ల పేరు పిలిచి అప్పగించండి. తెలియకపోతే "నాది అయింది, మురళి గారూ" అని నడిపేవాళ్ల పేరుతో ఆపెయ్యండి. ఆ పేరు పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి, అప్పుడు మ్యూట్ నొక్కండి. ముందే నొక్కితే చివరి అక్షరం మీ వేలి కిందే తెగిపోతుంది.