పెన్సిలిన్ పాతదే, ఈ జబ్బుకి పనిచేసేదీ అదే

"పెద్దవాళ్లకి కాలు ఎర్రగా వాచి చలిజ్వరం వస్తే పెన్సిలిన్ వాడకండి. అది తాతల కాలం మందు, ఇప్పటి బ్యాక్టీరియా దానికి లొంగదు. పెద్ద యాంటీబయోటిక్ ఒక్క కోర్సు గట్టిగా వాడితే మళ్లీ రాదు. నెలల తరబడి పెన్సిలిన్ రాసే డాక్టర్‌ని నమ్మొద్దు. కిడ్నీలు పోతాయి, రేపు ఏ మందూ పనిచేయదు. అందరికీ పంపండి."

విశాఖలో కాలనీ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మెసేజ్‌ని పేషెంట్లే నాకు ఫోన్‌లో చూపిస్తున్నారు. నేను ఇక్కడే జనరల్ మెడిసిన్ చూస్తాను. ఒక్కో మాటకీ జవాబు చెబుతాను.

ముందు జబ్బు సంగతి. దీన్ని ఎరిసిపెలస్ అంటారు. చర్మం పైపొరల్లోనూ, ఒంట్లో మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే అక్కడి లింఫ్ నాళాల్లోనూ వచ్చే ఇన్‌ఫెక్షన్ ఇది. చాలామందికి ముందు ఒళ్లు వణికేంత చలి, జ్వరం వస్తాయి. కొన్ని గంటల్లో ఒక కాలు మీద ఎర్రటి మచ్చ పరుచుకుంటుంది. దాని అంచు వేలికి తగిలేలా ఉబ్బి ఉంటుంది. ఎరుపు ఎక్కడ ఆగిందో కంటికే స్పష్టంగా తెలుస్తుంది. చీము ఉండదు. రెండు కాళ్లూ ఒకేసారి ఎర్రబడి జ్వరం లేకపోతే చాలావరకు ఇది కాదు, సిరల్లో రక్తం నిలిచిపోవడం వల్ల వచ్చే చర్మపు మంట. దానికి ఏ యాంటీబయోటిక్కూ అక్కర్లేదు.

ఇక మందు పాతదన్న మాట. పాతదే, 1940ల నుంచి వాడుతున్నాం. ఎరిసిపెలస్‌కి ఎక్కువగా కారణం స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా, అందులోనూ ముఖ్యంగా పయోజెనిస్ రకం. ఇన్ని దశాబ్దాల వాడకం తర్వాత కూడా పెన్సిలిన్‌కి పూర్తిగా లొంగని పయోజెనిస్ ఏ రోగిలోనూ నిర్ధారణ కాలేదు. అదే బ్యాక్టీరియాలో అజిత్రోమైసిన్ వర్గానికి లొంగని రకాలు మాత్రం ఉన్నాయి. మన మెడికల్ షాపుల్లో జ్వరం అనగానే చేతిలో పెట్టే మూడు మాత్రల స్ట్రిప్ అదే. ఈ విషయంలో మెసేజ్ సరిగ్గా తలకిందులుగా చెప్పింది.

పెద్ద యాంటీబయోటిక్ అని మనవాళ్లు ఎక్కువగా అడిగేది అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిపిన మాత్ర. పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని కొన్ని బ్యాక్టీరియాలు తయారుచేస్తాయి, ఆ ఎంజైమ్‌ని అడ్డుకోవడమే క్లావులనేట్ పని. స్ట్రెప్టోకాకస్‌కి ఆ ఎంజైమే లేదు. అంటే ఇక్కడ క్లావులనేట్ వల్ల అదనపు లాభం లేదు. విరేచనాలు పెరుగుతాయి, వయసు మీదపడినవాళ్లలో అరుదుగా కామెర్లు కూడా వస్తాయి. మాత్ర మింగగలిగే స్థితిలో ఉన్నవారికి పెన్సిలిన్ వి 500 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు ఇస్తాం. అది అన్ని షాపుల్లోనూ దొరకదు, అప్పుడు అమాక్సిసిలిన్ ఒక్కటే చాలు. బాగా తగ్గుముఖం పడితే 5 నుంచి 7 రోజులు సరిపోతాయి. గడ్డ, చీము ఉంటే లెక్క వేరు. అక్కడ స్టెఫైలోకాకస్ అనే వేరే బ్యాక్టీరియాని అనుమానించాలి, మందు మార్చాలి.

మొదటి రోజు ఎరుపు కాస్త పాకగానే 'మందు పనిచేయలేదు' అని టెన్షన్ పడి మార్చేస్తుంటారు. చచ్చిన బ్యాక్టీరియా వల్ల కూడా వాపు కొద్దిగా పెరుగుతుంది. ఎరుపు అంచు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి, 48 గంటలకి జ్వరం, నొప్పి, గీత మూడూ కలిపి చూడండి.

ఒక్క కోర్సుతో మళ్లీ రాదన్నదే ఈ మెసేజ్‌లో అన్నిటికంటే నష్టం చేసే మాట. గాజువాక వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు, వయసు 70 దాటింది. కొన్నేళ్ల క్రితం బైపాస్ ఆపరేషన్‌లో ఎడమ కాలి నుంచి సిర తీశారు. ఆ కోతతో పాటు లింఫ్ నాళాలూ దెబ్బతిని, సాయంత్రానికి ఆ కాలు వాచేది. ఏడాదిన్నరలో నాలుగుసార్లు అదే కాలికి ఎరిసిపెలస్ వచ్చింది. ప్రతిసారీ మరింత ఖరీదైన మందు వాడారు, చివరిసారి లినెజోలిడ్ దాకా వెళ్లారు. ప్రతిసారీ తగ్గింది, మళ్లీ వచ్చింది. కారణం ఏమిటంటే వచ్చిన ప్రతిసారీ లింఫ్ నాళాలు ఇంకొంచెం పాడవుతాయి, వాపు ఇంకొంచెం మిగిలిపోతుంది, ఆ వాపే తర్వాతి ఇన్‌ఫెక్షన్‌కి చోటిస్తుంది. మన ఉత్తరాంధ్రలో బోదకాలు ఉన్నవారికి మాటిమాటికీ చలిజ్వరంతో కాలు ఎర్రబడటం వెనక ఉన్నది కూడా చాలావరకు ఇదే.

ఆయన చెప్పులు విప్పించి వేళ్ల సందులు చూశాను. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని పగిలి ఉంది. ఒరుపు, అంటే ఫంగస్. బ్యాక్టీరియా లోపలికి వెళ్లే దారి అదే. అంతకుముందు ఎవరూ అక్కడ చూడలేదట. టెర్బినఫిన్ క్రీమ్ రాసి, స్నానం తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడుచుకోమన్నాను. కాలి నాడి సరిగ్గా అందుతోందని చూసుకున్నాకే బిగుతు మేజోళ్లు మొదలుపెట్టాం, ఎందుకంటే ధమనులు పూడుకున్న కాలికి అవి హాని చేస్తాయి. వీటితో పాటు పెన్సిలిన్ వి 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఏడాది పాటు.

ఈ మోతాదు మేం ఊహించుకున్నది కాదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో 274 మందిపై చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో సరిగ్గా ఇదే ఇచ్చారు. ఆ ఏడాదిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 37 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, పెన్సిలిన్ వేసుకున్నవారిలో 22 శాతం మందికి. మాత్ర ఆపాక ఆ రక్షణ మెల్లగా పోయింది. బాగా లావుగా ఉన్నవారికి, కాలి వాపు ఉన్నవారికి, అప్పటికే మూడు నాలుగుసార్లు వచ్చినవారికి లాభం తక్కువగా కనిపించింది. మేజోళ్లు, వేళ్ల సందుల పని వదిలేసి మాత్ర ఒక్కదాన్నే నమ్ముకోకూడదని నేననేది ఇందుకే.

మా పెద్దాయనకీ ఆ ఏడాది బాగానే గడిచింది. ఆపిన కొన్ని నెలలకి మళ్లీ వచ్చింది. తగ్గాక మళ్లీ మొదలుపెట్టాం, ఆయన ఇప్పటికీ వేసుకుంటున్నారు.

రోజూ మాత్ర గుర్తుండనివారికి బెంజాథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఉంది, మూడు నాలుగు వారాలకోసారి పిరుదు కండరంలో లోతుగా. సిరలోకి వెళ్తే గుండె ఆగే ప్రమాదం ఉంది కాబట్టి అలవాటున్న చేతే వేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి, గుండె బాగా బలహీనపడినవారికి నేను మాత్రే ఇస్తాను.

కిడ్నీల సంగతి: పెన్సిలిన్ కిడ్నీల గుండానే బయటికి పోతుంది, ఈ చిన్న మోతాదు వాటిని పాడుచేయడం చాలా అరుదు. రుమాటిక్ గుండెజబ్బు ఉన్న పిల్లలకి ఇదే మందు ఏళ్ల తరబడి ఇస్తాం. రెసిస్టెన్స్, అంటే బ్యాక్టీరియా మందుకి లొంగకుండా పోతుందన్న భయం పూర్తిగా తప్పు కాదు, ఏ యాంటీబయోటిక్ అయినా పేగుల్లోని మిగతా బ్యాక్టీరియాని కొంత మారుస్తుంది. అందుకే మొదటిసారి వచ్చినవారికి నెలల తరబడి రాయం. మళ్లీ మళ్లీ వస్తున్నవారికి రాస్తాం, ఆరు నెలలకో ఏడాదికో కొనసాగించాలా వద్దా అని చూస్తాం. ఎప్పుడో ఒకసారి దద్దుర్లు వచ్చాయని 'నాకు పెన్సిలిన్ పడదు' అనే వారిలో ఎక్కువమందికి నిజానికి అలర్జీ ఉండదు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది డాక్టరే, ఇంట్లో ప్రయోగం చేయొద్దు.

కనిపించే ఎరుపుని మించి భరించలేని నొప్పి ఉన్నా, చర్మం నల్లబడినా, పెద్ద బొబ్బలు లేచినా, మనిషి మాట తడబడినా, బీపీ పడిపోయినా అది చర్మం కింది పొరల్ని తినేసే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఏ మాత్ర మంచిదన్న చర్చ వద్దు, అదే గంటలో సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.