వెనిగర్ నీళ్లు బెండకాయ లోపలికి వెళ్లవు

"మార్కెట్లో దొరికే కూరగాయలన్నీ విషమే. ఉప్పు, పసుపు, వెనిగర్ కలిపిన నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెడితే మందు 100% పోతుంది. ద్రాక్షపళ్ల మీద కనిపించే తెల్లటి పొడి పురుగుమందే! ఆర్గానిక్‌వి కొంటే ఈ బాధే లేదు, మందు కొట్టరు కాబట్టి కడగకుండా కూడా తినొచ్చు. మీ వాళ్లందరికీ షేర్ చేయండి."

ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశంలో ముందు ఆ నూరు శాతం సంగతి తేల్చాలి. నానబెట్టేశాం కదా అని మనిషి నిశ్చింతగా ఉండిపోయేది దాన్ని నమ్మే.

పురుగుమందులు ప్రధానంగా రెండు రకాలు. స్పర్శ మందులు కాయ మీద, ఆకు మీద పడి అక్కడే ఉంటాయి. పురుగు వాటిని తాకితే చస్తుంది. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి ఈ రకం. రెండోవి అంతర్వాహిక మందులు. వీటిని మొక్క పీల్చుకుంటుంది, రసంతో పాటు ఆకుల్లోకి, కాయల్లోకి తీసుకుపోతుంది. ఆ రసం పీల్చిన పురుగు చస్తుంది. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్, ఎసిఫేట్ ఇలాంటివి. మొదటి రకాన్ని నీళ్లతో కొంతైనా దింపొచ్చు. రెండో రకంలో లోపలికి చేరిపోయినదాన్ని వెనిగర్ కాదు కదా, ఏ నీళ్లూ బయటికి లాగలేవు.

బెండతోటలో ఏం జరుగుతుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బెండకు ఆకుల రసం పీల్చే పచ్చదోమ, తెల్లదోమ పెద్ద బెడద. తెల్లదోమ పల్లాకు తెగులును మోసుకొస్తుంది. ఆకుల ఈనెలు పసుపెక్కి, కాయలు కూడా పాలిపోయి, తోట మొత్తం దెబ్బతింటుంది. అందుకని రైతు అంతర్వాహిక మందు కొడతాడు. కాయతొలుచు పురుగు కనిపిస్తే పైన పడే మందు కూడా కొడతాడు. ప్రతి మందు లేబుల్ మీదా ఆఖరిసారి కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. ఎండకు, మొక్క ఎదుగుదలకు మందు విరిగిపోయి తగ్గేందుకు ఇచ్చే గడువు అది. కొన్నిటికి అది రెండు మూడు రోజులు, కొన్నిటికి వారం పైనే.

చిక్కంతా ఇక్కడే ఉంది. కాపు మొదలయ్యాక బెండను రోజు విడిచి రోజు కోయాలి. నాలుగు రోజులు వదిలేస్తే కాయ ముదిరి పీచు కడుతుంది, మార్కెట్లో ఎవరూ అడగరు. అంటే మందు కొట్టి వారం ఆగమంటే మూడు నాలుగు కోతలు పారేసుకోమన్నట్టే. ఆ నష్టం ఎవరు భరిస్తారు? అందుకే కొన్నిసార్లు నిన్న సాయంత్రం మందు పడిన కాయ ఇవాళ తెల్లారి గంపలో ఉంటుంది. ఇందులో రైతు దుర్మార్గం కన్నా పంట స్వభావమే ఎక్కువ. వంగ, పచ్చిమిర్చి లాంటి తరచుగా కోసే పంటలన్నిటికీ ఇదే ఇబ్బంది. ఉల్లిగడ్డ అలా కాదు. అది ఒక్కసారే తవ్వే పంట, పైగా పొరలు ఒలిచి వాడుకుంటాం.

ఇక నానబెట్టడం ఎంతవరకు పనిచేస్తుందో కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఆపిల్ పళ్లతో ఈ పని చేశారు. థయాబెండజోల్ అనే తెగులు మందును, ఫాస్మెట్ అనే పురుగుమందును ఆపిళ్లకు పట్టించి, ఒక రోజు ఉంచి, రకరకాలుగా కడిగారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది ఒక శాతం వంట సోడా నీళ్లు. పైన ఉన్న థయాబెండజోల్‌లో 80 శాతం పోవడానికి 12 నిమిషాలు, ఫాస్మెట్‌లో 96 శాతం పోవడానికి 15 నిమిషాలు పట్టింది. అయినా థయాబెండజోల్‌లో ఐదో వంతు తొక్క దాటి లోపలికి వెళ్లిపోయింది, దాన్ని సోడా ఏమీ చేయలేకపోయింది. ఒక్క రోజుకే ఇంత. తోటలో వారాల తరబడి మందు పడే పంట గురించి ఎవరైనా నూరు శాతం అంటే నమ్మేదెలా?

సోడా ఎందుకు పనిచేసిందో చూస్తే వెనిగర్ సంగతీ తెలుస్తుంది. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు చాలావరకు క్షారంలో విరిగిపోతాయి, పులుపులో నిలకడగా ఉంటాయి. సోడా క్షారం, వెనిగర్ పులుపు. దానితో అసలేమీ పోదని కాదు, కొంత పోతుంది. కానీ ఖర్చుకు తగ్గ లాభం లేదు. పసుపుకు ఈ పనిలో పాత్రే లేదు. కొంతమంది సోడా, వెనిగర్ రెండూ కలిపి పోస్తారు. నురుగు బాగా వస్తుంది, అంతే. ఒకదాన్నొకటి చంపుకుని రెండూ పనికిరాకుండా పోతాయి. గిన్నెలు తోమే సబ్బు జోలికి అసలు వెళ్లొద్దు, కాయ దాన్ని కూడా పీల్చుకుంటుంది.

మామూలు కుళాయి నీళ్లను తక్కువగా చూడకండి. కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం 2000లో ప్రచురించిన పరీక్షల్లో 12 మందులను చూస్తే, ఉత్త నీళ్ల కింద కడిగినప్పుడే 9 మందుల అవశేషాలు తగ్గాయి. మందు నీళ్లలో కరిగే రకమా కాదా అన్నదానితో దీనికి పెద్ద సంబంధం కనిపించలేదు. అంటే పనిచేసేది నీళ్ల తాకిడి, చేతి రాపిడి. కదలకుండా గిన్నెలో నానిన కాయకన్నా ధార కింద అర నిమిషం రుద్దిన కాయ నయం.

మా ఇంట్లో అర కిలో బెండకాయలు వస్తే చేసేది ఇదీ. కోయకముందే, తొడిమలతోనే ధార కింద రుద్ది కడుగుతాం. లీటరు నీళ్లకు 20 గ్రాముల ఉప్పు, అంటే పెద్ద చెంచాతో కాస్త నిండుగా, వేసి పది నిమిషాలు ఉంచుతాం. సోడా వాడేవాళ్లు లీటరుకు 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. తర్వాత ఆ నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లతో కడగాలి. ఈ ఆఖరి కడుగు మానేస్తే వదిలిన మందే మళ్లీ కాయకు అంటుకుని వస్తుంది. ఆపైన గుడ్డతో తుడిచి ఆరబెట్టి అప్పుడు కోయాలి, లేకపోతే జిగురు పట్టి వేపుడు పాడవుతుంది. ముక్కలు కోశాక నానబెడితే మాత్రం విటమిన్ సి నీళ్లలోకి పోతుంది, పైన ఉన్నది లోపలికి దిగుతుంది.

కరివేపాకు, కొత్తిమీర ఇంకో రకం. ఆకు విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి మందు నిలిచే చోటూ ఎక్కువే. తొక్క తీసే వీలు లేదు, పోపులో క్షణం వేగి కంచంలోకి వచ్చేస్తుంది. రెమ్మలు దూసి, ఆకులు ఉప్పునీళ్లలో వేసి, చేత్తో ఎత్తి ఇంకో గిన్నెలోకి మార్చాలి. గిన్నె వంచితే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకుల మీదే పడుతుంది. క్యాలీఫ్లవర్ పువ్వును రెబ్బలుగా విడదీశాకే కడగాలి. ఇది మాత్రం ముందు కోయాల్సిందే.

"అన్నీ విషమే" అన్న మాటకు జవాబు చిన్నదే. మన దేశంలో ప్రతి మందుకూ ప్రతి పంటకూ గరిష్ఠ అవశేష పరిమితి ఉంటుంది. ప్రత్యేకంగా పరిమితి పెట్టనివాటికి కిలోకు 0.01 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో లక్షో వంతు, దాటకూడదని నియమం. మందును లేబుల్ ప్రకారం కొడితే ఎంత మిగలాలో దాన్నిబట్టి ఈ పరిమితి వేస్తారు. కాబట్టి పరిమితి దాటిందంటే సాగులో తప్పు జరిగిందనే అర్థం, ఆ కాయ తింటే వెంటనే జబ్బు చేస్తుందని కాదు. అలాగని పట్టించుకోనక్కర్లేదనీ కాదు. కూరగాయల మీద వాడకూడదని నిషేధించిన మోనోక్రోటోఫాస్ లాంటి మందులు కూడా తనిఖీల్లో బయటపడిన సందర్భాలున్నాయి. చిన్నపిల్లలు శరీర బరువును బట్టి చూస్తే పెద్దవాళ్లకన్నా ఎక్కువ తింటారు కాబట్టి వాళ్లున్న ఇంట్లో జాగ్రత్త అవసరమే. కానీ ఆ భయంతో కూరగాయలు తగ్గించి బిస్కెట్లు తినడం అన్నిటికన్నా చెడ్డ బేరం.

ద్రాక్ష మీద పొడికి వద్దాం. పండంతా సమానంగా పలచగా పరుచుకుని, వేలితో రుద్దితే తుడుచుకుపోయే బూడిద తెలుపు పూత పండు సొంతంగా చేసుకునే మైనం. నీరు ఆవిరైపోకుండా కాపాడుకోవడానికి అది.  పైగా అది చెరగకుండా ఉందంటే గుత్తిని ఎక్కువ మంది చేతులు తాకలేదని లెక్క. మందు మరకలు వేరుగా ఉంటాయి. చుక్కలు చుక్కలుగా ఎండిపోయి, కాడ మొదట్లో, గుత్తి లోపలి వైపు పేరుకుని కనిపిస్తాయి. తెగుళ్లకు కొట్టే, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అయితే నీలిరంగు ఛాయ ఉంటుంది. పూత ఉన్నా లేకపోయినా గుత్తిని చిన్న చిన్న కొమ్మలుగా విడదీసి కడగాలి, నీళ్లు మధ్యలోకి వెళ్లాలి కదా.

ఆ బోర్డో మిశ్రమం సేంద్రియ సాగులో కూడా, పరిమితులతో, అనుమతి ఉన్న మందే. గంధకం, వేపనూనె కూడా అంతే. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు నీమాస్త్రం, దశపర్ణి కషాయం కొడతారు. వాటిలో ఆవు మూత్రం, పేడ ఉంటాయి. జీవామృతం సరేసరి. పేడ తగిలిన ఆకుకూరను కడగకుండా తింటే మందు సంగతి తర్వాత, ముందు విరేచనాలు పట్టుకుంటాయి. పక్క చేలో కొట్టిన మందు గాలికి ఇటు రావడమూ మామూలే. రసాయన మందుల అవశేషాలు సేంద్రియ కూరగాయల్లో బాగా తక్కువగా కనిపిస్తాయన్నది మాత్రం నిజం. పెద్ద సమీక్షలన్నీ ఆ మాట చెప్పాయి, ఎక్కువ డబ్బు పెట్టడానికి అది సరైన కారణమే.

అయితే ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది చూసుకోవాలి. తొక్కతో, పచ్చిగా లేదా కాస్త మగ్గబెట్టి తినేవాటికి పెట్టండి. ఆకుకూరలు, కరివేపాకు, బెండ, పచ్చిమిర్చి, ద్రాక్ష లాంటివి. అరటి, పుచ్చకాయ, కొబ్బరికి అంత పెట్టడం దండగ. ప్యాకెట్ మీద సేంద్రియ ధ్రువీకరణ గుర్తుందో లేదో చూడండి. నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు ఆ ధ్రువీకరణ తప్పనిసరి కాదు, కాబట్టి గుర్తు లేనంత మాత్రాన అబద్ధమని అనుకోనక్కర్లేదు. అతన్ని "పల్లాకు తెగులు వస్తే ఏం చేస్తారు?" అని అడగండి. నిజంగా ఆ సాగు చేసేవాడు పసుపు జిగురు అట్టల గురించి, తెగులొచ్చిన మొక్కలు పీకేయడం గురించి, తట్టుకునే రకం విత్తనం గురించి ఆపకుండా చెబుతాడు. "మా దగ్గర తెగుళ్లే రావండీ" అన్నవాడి దగ్గర కొనేముందు కాస్త ఆలోచించండి.