రెండుసార్లు డబ్బు పోయినవాళ్లకి రాకెట్ బొమ్మ పెడతారా?

ఇప్పుడే చూశాను, ఒళ్లు మండిపోతోంది. మా యాప్‌లో నిన్న కొంతమందికి ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు కట్ అయింది. క్షమాపణ పోస్ట్ నేనే రాశాను. ఏం జరిగింది, ఎవరికి జరిగింది, డబ్బు ఎప్పుడు వెనక్కొస్తుంది, రాకపోతే ఎవర్ని అడగాలి. అంతే, నాలుగు వాక్యాలు. "కాస్త లైవ్లీగా మార్చండి" అని పైవాళ్లు ఇంకొకరి చేతికిచ్చారు. తిరిగొచ్చింది ఇది:

"అయ్యో 😅 కొందరికి 💸 రెండుసార్లు కట్ అయిందండి! 👉 3 రోజుల్లో రీఫండ్ 🚀 👉 మీ ఓపికకి 🙏❤️"

ఎవర్ని అడగాలన్న వాక్యం ఎగిరిపోయింది! బొమ్మలకి చోటు దొరికింది, ఫోన్ నంబరుకి దొరకలేదు. ఆ 😅 ఏంటసలు? చెమటలు పడుతూ నవ్వే మొహం. నెలాఖరులో డబ్బు పోయి కూర్చున్న మనిషి మొహం మీద మనం నవ్వుతున్నట్టే కదా!

కళ్లు కనిపించనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వింటారని ఎన్నిసార్లు చెప్పాను! అది ఎమోజీ పేరు కూడా పైకి చదువుతుంది. "3 రోజుల్లో రీఫండ్" తర్వాత "రాకెట్" అని వినపడుతుంది. 💸 అయితే ఇంకా అన్యాయం. "డబ్బు" అన్న మాట తీసేసి దాని చోట పెట్టారు. ఆ బొమ్మకి రెక్కలున్న డబ్బు అని పేరు. అలా వింటే ఏం కట్ అయిందో ఎవరికి అర్థమవుతుంది? మాట పక్కన బొమ్మ పెట్టుకోండి, మాట తీసేసి మాత్రం పెట్టకండి.

నేను ఎమోజీలకి శత్రువుని కాను. చాట్‌లో ఉత్త "సరే" అంటే కోపమొచ్చిందేమో అనిపిస్తుంది, "సరే 🙂" అంటే మనసు కుదుటపడుతుంది. అక్కడ అది గొంతు చేసే పని చేస్తోంది. ఇదే పోస్ట్‌లో మొదటి లైను ముందు ఒక్క ⚠️ పెట్టినా ఒప్పుకునేదాన్ని, వేలితో పైకి తోసుకుంటూ పోయేవాళ్లు ఆగుతారు. నేను మార్చేటప్పుడు ఒక్కో బొమ్మా తీసేసి చదువుతాను. ఏమీ తగ్గకపోతే అది అక్కర్లేనిదే. క్షమాపణైతే బాధపడ్డ మనిషి గొంతుతో పైకి చదువుతాను. ఆ 😅 ఆ గొంతులో ఒక్క క్షణం నిలవదు.

అసలు నా పోస్ట్‌లో ఈ బొమ్మలు పెట్టిన మనిషికి ఇది కొత్త కాదు. పోయినేడాది మా అమ్మమ్మ పోయింది, నాలుగు రోజులు రాలేనని గ్రూపులో పెట్టాను. కింద 👍 పెట్టి ఊరుకున్నారు. ఒక్క మాట రాయడానికి చేతులు రాలేదు! సెలవు ఇచ్చామని అర్థమట. ఆ బొటనవేలు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

పోస్ట్ వెనక్కి మార్చేశాను. నాలుగు వాక్యాలు, నంబరు, పైన ఒక్క ⚠️. మళ్లీ ఎవరైనా రాకెట్ పెట్టాలనుకుంటే ముందు నాకు ఫోన్ చేయండి.