చెన్నై కంపెనీ, పటమట అద్దె: 50 శాతమా, 40 శాతమా?

"మా కంపెనీ చెన్నైలో. నేను పటమటలో అద్దెకుంటూ ఇంటి నుంచే పనిచేస్తున్నాను. బేసిక్ 42,000, హెచ్‌ఆర్‌ఏ 21,000, అద్దె 11,000. నాకు 50 శాతం లెక్క వస్తుందా?"

రాదండీ. ఆఫీసు ఎక్కడుందన్నది కాదు, మీరు అద్దె కడుతున్న ఇల్లు ఎక్కడుందన్నదే చూస్తారు. చెన్నైలో ఇల్లుంటే బేసిక్‌లో 50 శాతం, మీ పటమట ఉన్న విజయవాడకు 40 శాతమే. అయితే మీ విషయంలో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఎందుకంటే మూడు మొత్తాల్లో తక్కువదానికే పన్ను మినహాయింపు. చేతికొచ్చే హెచ్‌ఆర్‌ఏ 21,000. బేసిక్‌లో 40 శాతం 16,800. అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు, అంటే 4,200 తీసేస్తే 6,800. మీకు నెలకు దక్కేది ఈ 6,800 మాత్రమే. మిగతా 14,200కి పన్ను పడుతుంది. 50 శాతం ఇచ్చినా ఈ అంకె మారదు. మీ అద్దె 21,000 దాటితే తప్ప 40 శాతం పరిమితి అడ్డు రాదు. పటమటలో అంత అద్దె ఇచ్చే ఇల్లయితే అప్పుడు చూద్దాం!

డీఏ ఉండి, అది రిటైర్‌మెంట్ ప్రయోజనాల లెక్కలోకి వస్తే బేసిక్‌కు కలపాలి. అప్పుడు తీసేసే పదో వంతు పెరిగి, మినహాయింపు ఇంకా తగ్గుతుంది.

రసీదులో అద్దె ఒక్కటే రాయించుకోండి. కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ కలిపి రాస్తే అవి అద్దె కింద చెల్లవు. మీ అద్దె ఏడాదికి 1,32,000, లక్ష దాటింది కాబట్టి ఓనరు గారి పాన్ కూడా కంపెనీకి ఇవ్వాలి. ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్తదాంట్లో ఈ మినహాయింపు లేదు.