“జాయిన్స్ గురించి చర్చించారు” అట!

ఇప్పుడే గ్రూపులో పడింది. మూడు రోజుల ఎస్‌క్యూఎల్ శిక్షణ రికార్డింగ్‌కి “రోజువారీ లాగ్” అట. రెండో రోజు కింద ఏముందో చూడండి: “జాయిన్స్ గురించి వివరంగా చర్చించారు. ఎక్సర్‌సైజులు చేయించారు. అందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు.” పెళ్లి వీడియోకి రాసినట్టుంది, భోజనాల మెనూ ఒక్కటే తక్కువ.

ఏ జాయిన్? ఏ టేబుళ్లు? ప్రశ్నేంటి? ఎక్కడ తప్పారు? ఆ రోజు సెలవు పెట్టినవాడు ఇది చదివి ఏం నేర్చుకోవాలి, ఉత్సాహమా?

ఆ మధ్యాహ్నమంతా నడిచింది ఒక్క లెక్క మీద. మార్చిలో ఒక్కో కస్టమర్ ఎన్ని ఆర్డర్లు పెట్టాడో తీయాలి, ఒక్కటీ పెట్టనివాళ్లు సున్నాతో కనిపించాలి. దాదాపు అందరూ రాసింది ఇదే:

```sql
SELECT c.id, c.name, COUNT(*)
FROM customers c
LEFT JOIN orders o ON o.customer_id = c.id
WHERE o.order_date >= '2024-03-01'
  AND o.order_date <  '2024-04-01'
GROUP BY c.id, c.name;
```

చక్కగా నడుస్తుంది, ఎర్రర్ రాదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆర్డర్ లేని కస్టమర్‌కి జాయిన్ తర్వాత `order_date` నల్‌గా మిగులుతుంది. నల్‌ని తేదీతో పోలిస్తే నిజం అవదు కాబట్టి `WHERE` ఆ వరసని అవతల పారేస్తుంది. పేరుకి లెఫ్ట్ జాయిన్, చేసేది ఇన్నర్ జాయిన్ పని. పట్టుకోవడం తేలికే: టేబుల్లో ఐదుగురు కస్టమర్లుండి, ఫలితంలో మూడే వరసలొస్తే ఇద్దరు గల్లంతైనట్టే. తేదీ షరతులు రెండూ `WHERE` నుంచి తీసి `ON` లో పెడితే ఐదుగురూ వస్తారు.

లాగ్‌లో ఉండాల్సింది ఇదండీ! ప్రశ్న, టేబుళ్లు, అందరూ చేసిన తప్పు, అది తప్పని తెలిసిన గుర్తు, సరైన క్వెరీ, వీడియోలో ఎక్కడుందో. నాలుగైదు లైన్లు. దానికి బదులు రెండు గంటల పని “ఎక్సర్‌సైజులు చేయించారు” అన్న రెండు మాటల్లో అయిపోయింది.

అసలు మంట పుట్టించింది మూడో రోజు. పొద్దున్నే సందేహాల్లో ఒకరు అడిగారు: “సార్, ఆర్డర్ లేనివాళ్లకి సున్నా రావట్లేదు, ఒకటి వస్తోంది.” నిజమే మరి. `COUNT(*)` వరసల్ని లెక్కపెడుతుంది, నల్ ఉన్న వరసైనా దానికి వరసే. `COUNT(o.id)` అని రాస్తేనే సున్నా. ట్రైనర్ అక్కడికక్కడే ముందురోజు అసైన్‌మెంట్ మార్చేశాడు: “ఏప్రిల్‌కి తీయండి అన్నాను కదా, రెండు రకాల COUNT తోనూ తీసి తేడా ఎందుకొచ్చిందో రాయండి.” మన లాగ్‌లో రెండో రోజు కింద పాత అసైన్‌మెంట్ అలాగే ఉంది. మూడో రోజు కింద “పునశ్చరణ జరిగింది.” పునశ్చరణ అట! ఇది చూసి చేసినవాడు పాతదే చేసి పంపుతాడు.

అందుకే ప్రతి రోజు చివరి పావుగంట, మర్నాటి మొదటి అరగంట పక్కపక్కన పెట్టుకుని ముందే వినాలి. మార్పు మూడో రోజులోనే రాసి, రెండో రోజు అసైన్‌మెంట్ పక్కన “మారింది, మూడో రోజు చూడండి” అని ఒక్క ముక్క పెట్టాలి. ట్రైనర్ “ఎల్లుండికల్లా పంపండి” అంటే ఆ రోజు తారీఖు నుంచి లెక్కగట్టి అసలు తారీఖు వేయాలి. వారం తర్వాత చదివేవాడికి ఏ ఎల్లుండి?

సబ్‌టైటిల్స్ కాపీ కొట్టి లాగ్ చేసే మహానుభావులకి ఇంకో మాట. ట్రైనర్ నోటితో అనేది “దీన్ని తీసి ఇక్కడ పెట్టండి” అని. ఏది, ఎక్కడ అన్నది స్క్రీన్ మీదే ఉంటుంది. వీడియో ఆపి క్వెరీ ఎక్కించుకోవాల్సిందే. భోజనం తర్వాత రికార్డింగ్ కొత్త ఫైల్ అయితే టైమ్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫైల్ పేరు లేకుండా ఉత్త “1:10 దగ్గర” అని రాస్తే పొద్దుటిదా, మధ్యాహ్నందా? బ్రేకౌట్ రూముల్లో మాట్లాడుకున్నది మెయిన్ రికార్డింగ్‌లో ఉండదు. అక్కడ “ఈ భాగం రికార్డింగ్‌లో లేదు” అని రాయాలి గానీ, “బృంద చర్చ ఫలవంతంగా సాగింది” అని ఊహించి రాయకూడదు.

అయినా లాగ్ రాసినవాళ్లని ఒక్కళ్లనే అని ఏం లాభం? ఈ ట్రైనర్లున్నారే, రోజంతా స్లైడ్లు చదివి, సగంమంది బ్యాగులు సర్దుకుని లేచాక, కుర్చీలు జరుగుతున్న చప్పుడులో అసైన్‌మెంట్ చెబుతారు. ఫైల్‌గా పంపాలా, క్వెరీ పేస్ట్ చేస్తే చాలా, ఎవరికి పంపాలి, ఏదీ చెప్పరు. అడిగితే “రికార్డింగ్ ఉంది కదా, చూసుకోండి” అంటారు. రికార్డింగ్‌లో ఉన్నది కుర్చీల చప్పుడే సార్. స్లైడ్ మీద ప్రశ్న, గడువు, పంపాల్సిన చోటు, మూడు లైన్లు వేయడానికి ఏం అడ్డమొచ్చిందో గానీ, గడువు దాటితే మార్కులు కోయడం మాత్రం ఎవరూ మర్చిపోరు.