పాఠంలో లేని రెండడుగులు

మా కోనసీమలో అడిగిన ప్రశ్నకు జవాబు లేదని చెప్పడం ఇంటికొచ్చిన చుట్టాన్ని భోజనం పెట్టకుండా పంపడం కన్నా పెద్ద అప్రతిష్ఠ. ఆ మర్యాదను కాపాడటానికి మనవాళ్లు ఎంతకు తెగిస్తారో మా మేనల్లుడి తరగతి పరీక్ష కాగితాలు చూశాక గాని నాకు బోధపడలేదు.

ధవళేశ్వరం వద్ద గోదావరి వరద హెచ్చరికల గురించిన అధ్యాయాన్ని మాస్టారు తరగతి గ్రూపులో అప్‌లోడ్ చేసి, జవాబులు అందులోంచే రాయాలనీ, అందులో లేకపోతే లేదనే రాయాలనీ చెప్పారు. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల వద్ద ఇస్తారని అందులో ఒక వాక్యం ఉంది. రెండోది 13.75 అని బొమ్మ కింది వరుసలో ఉంది. మూడోదాని ఊసే లేదు. ప్రశ్న మాత్రం మూడోదాని గురించే వచ్చింది.

తరగతిలో సగం మంది 15.75 అని రాశారు. రెండడుగులు పెరిగింది గనుక మళ్లీ రెండడుగులే పెరుగుతుందట! ఎగువన ఎన్ని వానలు పడినా, ఎన్ని ఉపనదులు కలిసినా, గోదావరమ్మ మన పిల్లల అంకశ్రేణిని మన్నించి, పదిహేనుంముప్పావు దగ్గర మెట్టు దిగి, మాస్టారి సంతకం కోసం నిలబడుతుంది కాబోలు. ఒక తండ్రి పడకకుర్చీలోంచి లేవకుండానే ఈ లెక్క తేల్చి, "నదికైనా ఒక పద్ధతుంటుందిరా" అని కొడుక్కి ధైర్యం చెప్పారట.

మరికొందరు 17.75 అని రాశారు. అది నిజమే. కానీ అది అధ్యాయంలోది కాదు, ఇంట్లో విన్నది. "అధ్యాయంలో లేదు, బయట తెలిసినది 17.75" అని రెండు ముక్కలుగా రాసి ఉంటే తప్పుపట్టేవాణ్ణి కాదు. కలిపి రాస్తే, చదివింది ఏదో విన్నది ఏదో దిద్దేవారికి తెలిసేదెలా? ఒక ఘనుడైతే బొమ్మ కింది వరుసను చూడకుండానే రెండో హెచ్చరిక కూడా అధ్యాయంలో లేదన్నాడు. లేదనాలంటే ముందు చివరిదాకా చదవాలి, బొమ్మల కింది అక్షరాలతో సహా.

ఒక్క పిల్ల మాత్రం ఇలా రాసింది: "అధ్యాయంలో మొదటి హెచ్చరిక 11.75, రెండోది 13.75 అడుగులని ఉంది. మూడోది ఎంతో ఇందులో చెప్పలేదు." ఉన్నదెంతో చెప్పింది, లేనిదేదో చెప్పింది, మధ్యలో తన ఊహను చొరనివ్వలేదు.

ఆ పిల్లకు సున్నా వేశారు. పదిహేనుంముప్పావు వాళ్లకు మాత్రం "పద్ధతి సరైనదే" అని అర మార్కు పడింది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మా లంకల్లో పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, పడవ ఎప్పుడు ఎక్కాలో ఈ అంకెలు విని నిర్ణయించుకుంటారు. తెలియనిచోట అంకె కల్పించేవాడికి మార్కులిచ్చి, తెలియదన్నదాన్ని శిక్షించే బుద్ధి రేపు ఏ వరద కబురు మోస్తుంది? పైగా లేకపోతే లేదని రాయమన్నది ఈ మాస్టారే కదా!

ఆ సున్నా పక్కన ఎర్రసిరాతో ఆయన రాసిన మాట కూడా చూశాను: "ఏదో ఒకటి రాయవలసింది."