ఆదివారం రాత్రి తందూరు ఎవరిది?

హైదరాబాద్‌లో ఓ మోస్తరు హోటల్. పొద్దున టిఫిన్లు, ఆ తర్వాత బిర్యానీ, నాన్, కబాబులు. శ్రావణ మాసం, ఆదివారం రాత్రి 8:30. బయట కుర్చీలన్నీ నిండిపోయాయి. లోపల తందూరులో బొగ్గు కణకణలాడుతోంది, ట్రేలో పిండి ముద్దలు సిద్ధంగా ఉన్నాయి. తందూరు ముందు మనిషే లేడు.

తందూరు మాస్టారు ఆ రాత్రి డ్యూటీని అసిస్టెంటుకిచ్చి, బదులుగా అతని మంగళవారం రాత్రి తీసుకున్నారు. అసిస్టెంటు ఆ ఆదివారాన్ని పార్సిల్ కుర్రాడికి అంటగట్టి, బదులుగా అతని బుధవారం తాను చేస్తానన్నాడు. వాట్సాప్ గ్రూపులో కుర్రాడు బొటనవేలు చూపించాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. కుర్రాడు వేలు చూపించింది ఆ పైనున్న పుట్టినరోజు కేకు ఫొటోకి. అతను నిక్షేపంగా తన కౌంటర్లో బిర్యానీ డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేసుకుంటున్నాడు.

"నువ్వే కదరా ఈరోజు తందూరు?" అని కెప్టెన్ లాక్కెళ్లాడు. నాన్ వెనకవైపు తడి చేసి, గద్దీ అనే గుడ్డ దిండుతో తందూరు గోడకు గట్టిగా అదిమితే అంటుకుంటుంది. కుర్రాడు పొడిగానే మెల్లగా ఆనించాడు. మొదటి నాన్ తిన్నగా బొగ్గుల్లో పడింది. రెండోది కాస్త ఆలోచించుకుని పడింది.

గోడకున్న రోస్టర్ చూస్తే మాస్టారి పేరే ఉంది. రెండు మార్పిడి అర్జీలూ బుధవారం నుంచి సూపర్‌వైజర్ దగ్గర పెండింగ్. ఇక్కడ పట్టుకోవాల్సింది ఒక్కటే: ఓకే రాసి సంతకం పడేదాకా డ్యూటీ రోస్టర్లో పేరున్నవాడిదే. అలాగని తప్పంతా మాస్టారిదనడమూ కుదరదు. నాలుగు రోజులు జవాబు రాకపోతే ఎవరైనా ఓకే అనే అనుకుంటారు. అందుకే అర్జీలకు బుధవారం సాయంత్రం గడువు పెడితే, గురువారం రాత్రికల్లా అవునో కాదో చెప్పేయాలి. కాదంటే ఎందుకో ఒక ముక్క రాయాలి.

సంతకం పెట్టేముందు సూపర్‌వైజర్ చూడాల్సినవి పెద్దగా లేవు. ఆ పని అతనికి వచ్చా? మారాక వారం మొత్తం 48 గంటలు దాటుతుందా? రాత్రి 12కి షట్టర్ దించినవాడు పొద్దున 6కి ఇడ్లీ పొయ్యి దగ్గర ఉండాల్సి వస్తుందా? ఈ మూడోది కాగితం మీద కనబడదు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు తేదీలు. ఇవి కాక, ఇద్దరినీ విడివిడిగా అడగాలి. సీనియర్ పక్కన నిలబెట్టి అడిగితే ఏ జూనియర్ అయినా "సరే అన్నా" అంటాడు. వారం వారం అందరి ఆదివారాలూ చేసేది ఆ సరే అన్నవాడే.

సెలవుల తగాదా వేరు. అదే ఆదివారానికి స్టీవార్డుల నుంచి నాలుగు అర్జీలు వచ్చాయనుకోండి. ఉన్నది 8 మంది, రాత్రికి 6 తప్పదు. అంటే ఇద్దరికే చోటు. ఒకరికి చెల్లెలి పెళ్లి. ఒకరికి సోమవారం పొద్దున డిగ్రీ పరీక్ష. ఒకరికి స్నేహితుడి గృహప్రవేశం. నాలుగో ఆయన "ఆదివారం నాకు జ్వరం" అని మంగళవారమే రాశాడు. ఆ రాత్రి క్రికెట్ మ్యాచ్ ఉందన్నది కేవలం యాదృచ్ఛికం.

ముందు వచ్చిన అర్జీకే ముందు అంటే సులువే. కానీ అప్పుడు ముహూర్తం ముందే తెలిసినవాడే ఎప్పుడూ గెలుస్తాడు, పరీక్ష టైంటేబుల్ ఆలస్యంగా వచ్చినవాడు ఎప్పుడూ ఓడతాడు. అందుకే తేదీ కదులుతుందా, ఏ పూట కావాలి అని అడగాలి. చెల్లెలి పెళ్లికి రోజంతా సెలవు. పరీక్ష అబ్బాయి పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా చేసి వెళ్లిపోతే చాలు. గృహప్రవేశం ముహూర్తం తెల్లవారుజామున 4:40కి. భోజనాలు చేసి, ఓ కునుకు తీసి, సాయంత్రం 6:30కి యూనిఫాంలో రావచ్చు. రోజంతా సెలవు అడిగినవాడికి నిజంగా కావలసింది ఒక్కోసారి ఒక్క పూటే.

ఇక జ్వరం. నిజంగా ఒంట్లో బాగోలేకపోతే అది సెలవుల లెక్కలోకి రాదు, ఎవరితోనూ పోటీ పడదు. ముందే రాసిన జ్వరం మాత్రం మామూలు సెలవు అర్జీ. పోటీ తేలకపోతే నోట్‌బుక్ తీయాలి: పోయినసారి పండగకో ఆదివారానికో ఎవరికి సెలవు దొరికింది, ఎవరికి కాదన్నాం? జ్వరం ఆయనకు ఈసారి కాదు, వచ్చే ఆదివారం మొదటి అవకాశం. అదీ అక్కడే రాయాలి, నోటిమాటగా వదిలేస్తే మళ్లీ కేకు ఫొటో కథే.

టిప్పుల సంగతి కూడా ముందే తేల్చాలి. ఆదివారం రాత్రి టిప్పుల డబ్బా బరువు వేరు, మంగళవారం మధ్యాహ్నం బరువు వేరు. ఎవరు పనిచేస్తే వాటా వాళ్లదే. ఈ మాట ముందే చెబితే, సగం మార్పిడి అర్జీలు "వద్దులే సార్, నేనే చేసుకుంటా" అంటూ వెనక్కి వచ్చేస్తాయి.